పట్టీల కొండీ మీద 925 ఉంటే హాల్‌మార్క్ ఉన్నట్టేనా?

రమ్య_ఉప్పల్: పాపకి తొమ్మిది నెలలు. అమ్మ వాళ్లు పట్టీలు తెచ్చారు, జత 30 గ్రాములు, చుట్టూ మువ్వలు. కొండీ మీద 925 అని మాత్రమే ఉంది. షాపతను అదే హాల్‌మార్క్ అన్నాడట. పాప కాలు నోట్లో పెట్టుకుంటోంది. వేయొచ్చా?

సూర్యం_కేపీ: 925 అంటే స్టెర్లింగ్, అంటే హాల్‌మార్కే. అనుమానముంటే అయస్కాంతం పెట్టండి. అంటుకోకపోతే వెండే.

గీటురాయి: రెండూ తప్పే, సూర్యం గారూ. 925 అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి, మిగతా 75 మామూలుగా రాగి. అది ఒక అంకె. అచ్చు పెట్టి కొట్టడం ఎవరికైనా వస్తుంది. హాల్‌మార్క్ అయితే బీఐఎస్ త్రికోణం ముద్ర, పక్కన SILVER అన్న మాట, స్వచ్ఛత అంకె, ఆ ఒక్క వస్తువుకే ఇచ్చే, అంకెలూ అక్షరాలూ కలిసిన ఆరు గుర్తుల HUID కోడ్ ఉండాలి. వెండికి ఈ HUID పద్ధతి 2025 సెప్టెంబర్ 1న మొదలైంది. పాత సరుకు మీద HUID ఉండదు, త్రికోణంతో పాటు పరీక్షా కేంద్రం గుర్తు, షాపు గుర్తు ఉంటాయి. వెండికి హాల్‌మార్క్ ఇంకా ఐచ్ఛికమే, కాబట్టి ముద్ర లేకుండా అమ్మడం నేరం కాదు. ఉత్త 925 చూపించి హాల్‌మార్క్ అనడమే అబద్ధం.

ఇక అయస్కాంతం. రాగికీ అంటుకోదు, జర్మన్ సిల్వర్‌కీ అంటుకోదు. జర్మన్ సిల్వర్‌లో వెండి చుక్క కూడా ఉండదు, రాగి, నికెల్, జింకు తప్ప.

పాట్‌మార్కెట్_బాబాయ్: వెండి నల్లబడితే నకిలీ అనేటోళ్లు కూడా వస్తారు చూడుండ్రి.

సూర్యం_కేపీ: మరి నల్లబడితే నకిలీ కాదా?

గీటురాయి: కాదు. గాలిలో, చెమటలో ఉన్న గంధకం వెండికి పడితే నల్లబడుతుంది, 925 అయినా అంతే. చీలమండ మీద నల్ల చార కనపడితే సబ్బుతో కడిగితే పోతుంది. ఎర్రగా దద్దు వచ్చి, పట్టీ తీశాక కూడా దురద ఉంటే అప్పుడు నికెల్‌ని అనుమానించాలి.

శ్రీలత_మల్కాజిగిరి: మా అబ్బాయి మొలతాడు విషయంలో కూడా ఇలాగే మోసపోయాం. వెండిదని కొన్నాం, మార్చడానికి వెళ్తే టంచ్ తక్కువ, అంటే వెండి పాలు తక్కువ, సగం ధరే ఇస్తామన్నారు. కాబట్టి పట్టీలు అసలు కొనకండి, బంగారం కొనండి.

రమ్య_ఉప్పల్: అక్కా, నేను అడిగింది వేయొచ్చా అని. అమ్మడానికి కాదు.

గీటురాయి: రమ్య గారూ, ముందు మీ పట్టీలు చూద్దాం. కొండీ విడిగా తయారవుతుంది, గొలుసుకు టంకం పెట్టి అతుకుతారు. 925 కొండీ కొని తక్కువ టంచ్ గొలుసుకు తగిలిస్తే, ముద్ర నిజమే, పట్టీ నిజం కాదు. అంచేత ఎక్స్‌రే యంత్రం ఉన్న షాపుకు తీసుకెళ్లి మూడు చోట్ల చూపించమనండి: కొండీ మీద, గొలుసు మధ్యలో, ఒక మువ్వ మీద. యంత్రం పైపొరనే చదువుతుంది. మెరుగు పెట్టేటప్పుడు ఆమ్లం పైనున్న రాగిని లాగేస్తుంది, దాంతో అంకె ఎక్కువ చూపిస్తుంది. లోపలి వైపు ఆకురాయితో కొద్దిగా గీకి చూపిస్తేనే అసలు లెక్క.

30 గ్రాములు నిజంగా 925 అయితే వెండి 27.75 గ్రాములు. లోపల 70 టంచే, అంటే నూటికి 70 పాళ్లే వెండి అని తేలితే 21 గ్రాములు. తేడా 6.75 గ్రాములు, మీ అమ్మగారు రాగికి పెట్టిన వెండి ధర అది.

సూర్యం_కేపీ: నీళ్లలో తూచి ఇంట్లోనే చూసుకోవచ్చుగా.

గీటురాయి: జర్మన్ సిల్వర్ దొరికిపోతుంది. కానీ 30 గ్రాముల పట్టీ 925కీ 70కీ నీళ్లలో తేడా 0.1 గ్రాము చిల్లర. వంటింటి తూకానికి అందదు. పైగా మువ్వల్లో గాలి బుడగ ఇరుక్కుంటే ఆ లెక్కా పోతుంది.

పాట్‌మార్కెట్_బాబాయ్: సార్, మీరు షాపులోళ్లందర్నీ దొంగలంటున్రు. పట్టీల్లో పదుల కొద్దీ అతుకులు. టంకంలో రాగి, జింకు కలవకపోతే అది గొలుసుకన్నా ముందు కరగదు. అందుకే మొత్తం కరిగిస్తే టంచ్ కొంచెం తగ్గుతది.

గీటురాయి: కొంచెం తగ్గడం వేరు, 70 వేరు. టంకానికి రెండో సమస్య కూడా ఉంది. అందులో కాడ్మియం కలిపిన రకాలు వాడకంలో ఉన్నాయి. పిల్ల నోట్లో పెట్టుకునే వస్తువుకు అది వద్దు. మీ కంసాలిని ఏ టంకం వాడుతున్నావని ఎప్పుడైనా అడిగారా?

పాట్‌మార్కెట్_బాబాయ్: అడగలే. నిజం చెప్తున్న. కానీ గిరాకీ ఏమడుగుతరో మీకు తెల్వదు. బరువు కనపడాలె, మజూరీ తక్కువుండాలె, పైన 925 ఉండాలె. ముద్ర లేకపోతే పక్క షాపుకు పోతరు.

గీటురాయి: అంటే 925 కాని దాని మీద 925 కొడతారన్నమాట.

పాట్‌మార్కెట్_బాబాయ్: నేను కొట్టలే. కొట్టి వచ్చిన సరుకు అమ్మిన. టంచ్ రాసి బిల్లు ఇయ్యమన్న గిరాకీ నెలకొక్కరు రారు. అడిగితే రాసిస్త.

శ్రీలత_మల్కాజిగిరి: ఇంతసేపూ ఇదే కదా మేం అంటున్నది!!

డాక్టరమ్మ_తార్నాక: టంచ్ గొడవ తర్వాత. తొమ్మిది నెలల పాపకు మొదటి ప్రమాదం మువ్వ. ఒక్కో మువ్వను గోళ్ల మధ్య పట్టుకుని లాగండి, తర్వాత మెలిపెట్టండి. మువ్వను గొలుసుకు పట్టి ఉంచే సన్నని రింగు చూడండి. దాని రెండు కొసల మధ్య గోరు కొన దూరితే అది అతకని రింగు, పాప పళ్లకు తెరుచుకుంటుంది. మువ్వ గొంతులోకి జారితే ఊపిరికే అడ్డం. ఈ వయసుకు మువ్వలన్నీ తీయించి, రింగుల కొసలు నున్నగా అరగదీయించండి. పట్టీకీ కాలికీ మధ్య మీ చిటికెన వేలు దూరాలి. అంతకన్నా వదులైతే మడమ మీదుగా జారి నోటికి చేరుతుంది. నిద్రపోయేటప్పుడు తీసేయండి.

సూర్యం_కేపీ: అయితే మర ఉన్న కొండీ మంచిది, ఊడదు.

డాక్టరమ్మ_తార్నాక: మరచీల పూర్తిగా విడిగా వచ్చేస్తే అదే మింగే వస్తువు.

పాట్‌మార్కెట్_బాబాయ్: ఎస్ కొండీ నయం. నొక్కి మూస్తే ఊడదు.

గీటురాయి: ఉయ్యాల తాడుకు చిక్కుకుంటే ఊడాలి కూడా, బాబాయ్. గట్టిగా నొక్కిన కొండీ ఊడదు, కాలే లాగుతుంది.

పాట్‌మార్కెట్_బాబాయ్: ఊడితే పిల్ల నోట్లకే పోతదని డాక్టరమ్మ అన్నది కదా ఇప్పుడే.

రమ్య_ఉప్పల్: మువ్వలు లాగి చూశాను. పదిహేడింటిలో మూడు రింగులకు గోరు దూరింది. మువ్వలు తీయిస్తానంటే అత్తయ్య ఒప్పుకోవట్లేదు, పాప ఎటు పాకిందో వినపడాలట. కొత్తవి కొంటే HUID ఎక్కడ చూడాలి?

గీటురాయి: BIS Care యాప్‌లో Verify HUID నొక్కి ఆ ఆరు గుర్తుల కోడ్ కొట్టండి. వస్తువు రకం, స్వచ్ఛత, పరీక్షా కేంద్రం వస్తాయి. అక్కడ ఉంగరం అని వచ్చి చేతిలో పట్టీ ఉంటే కౌంటర్ మీదే వదిలేసి రండి. బాబాయ్, మీ దగ్గర మువ్వల్లేని చిన్న సైజు, HUID ఉన్నది దొరుకుతుందా?

పాట్‌మార్కెట్_బాబాయ్: చిన్న సైజులో ఇప్పుడు లేదు. ఆర్డర్ మీద చేయిస్త. మజూరీ మాత్రం ఎక్కువైతది, తర్వాత నన్ను అనొద్దు.