అప్‌డేట్: పరిమితి దాటి ఆర్డర్ మెసేజ్‌లు ఆగిపోతున్న సమస్య

నా ప్రశ్న: విజయవాడలో మా సరుకుల యాప్‌లో ఒక్కొక్కరికి రోజుకు 4 నోటిఫికేషన్ల పరిమితి పెట్టాం. ఉదయం ఆఫర్లే దాన్ని తినేస్తున్నాయి, సాయంత్రం ఆర్డర్ మెసేజ్ ఆగిపోతోంది. ఏం చేయాలి?

అప్‌డేట్: ప్రాధాన్య సంఖ్యలు మాకు ముందే ఉన్నాయి, కానీ అవి క్యూలో వరుసను మాత్రమే మార్చేవి. ఉదయం 9 గంటలకు ఆఫర్ పంపేటప్పుడు సాయంత్రం ఏం రాబోతోందో సిస్టమ్‌కు ఎలా తెలుస్తుంది? అందుకే జవాబులో మీరు చెప్పినట్టు అన్ని రకాలకూ కలిపి లెక్క ఒక్కటే ఉంచి, రకాన్ని బట్టి పరిమితి గీత మార్చాను:

```
offer: 2
reminder: 3
order: 4
otp, arrival: none
```

ఆ రోజు వెళ్లినవి గీత కంటే తక్కువ ఉంటేనే ఆ రకం వెళ్తుంది. పటమటలోని ఒక కస్టమర్‌కు నిన్న రెండు ఆఫర్లు, ఒక రిమైండర్ వెళ్లాయి. మధ్యాహ్నం మూడో ఆఫర్ ఆగింది, సాయంత్రం 6:20కి ఆర్డర్ మెసేజ్ చేరింది. గీత లేని రకాలు ఎప్పుడూ ఆగవు, కానీ లెక్కలో చేరతాయి. ఓటీపీలు ఎక్కువైన రోజు ఆఫర్లు తగ్గుతాయి, తగ్గనివ్వండి.

అయినా కొందరికి మూడు ఆఫర్లు వెళ్లాయి. రెండు వర్కర్లు ఒకేసారి లెక్క చదివి, రెండూ 1 అనుకుని పంపేశాయి. చదవడం, పెంచడం రెండింటినీ ఒకే లువా స్క్రిప్టులో రెడిస్‌కు అప్పగించాక అది ఆగింది.

ఇంకొకటి, సిగ్గుగానే చెబుతున్నాను: సర్వర్ యూటీసీలో ఉండటంతో మా ‘రోజు’ ఉదయం 5:30కి మారేది. తెల్లవారుజామున 5 గంటల పాల రిమైండర్ నిన్నటి ఖాతాలో పడి ఆగిపోయేది. ఆపిన ప్రతి మెసేజ్‌కూ కారణం, అప్పటి లెక్క లాగ్‌లో రాయించడం వల్లే ఇది దొరికింది.