తెలుగు లిపిలో ఖురాన్ చదివేవారు ఉచ్చారణ నియమాలైన తజ్వీద్ ఎక్కడ మొదలుపెట్టాలి?

మాది విజయనగరం. అరబిక్ లిపి రాని మా అమ్మగారు తెలుగు అక్షరాల్లో అచ్చయిన సూరాలు చూసి చదువుతారు. ఇఖ్లాస్ సూరాలోని మొదటి మాటను మన ‘క’తో ‘కుల్’ అని పలికితే ‘చెప్పు’ కాస్తా ‘తిను’ అయిపోతుందని, ఆ ధ్వని నాలుక మొదలు పైకి తగిలి రావాలని ఉస్తాద్ గారు సరిదిద్దారు.

ఇరవై మూడేళ్లపాటు అవతరించిన వాక్యాలను యమామా యుద్ధంలో ఖురాన్ కంఠస్థం చేసిన హాఫిజ్‌లు చాలామంది మరణించాక, ఖలీఫా అబూబకర్ ఆదేశంతో జైద్ బిన్ సాబిత్ ఒకచోట చేర్చారు. తర్వాత ఖలీఫా ఉస్మాన్ పంపించిన ప్రతుల్లో అచ్చుల గుర్తులు లేవు కనుక, ఉచ్చారణ గురుముఖంగానే సాగిందని చదివాను. అలాంటప్పుడు తెలుగు పుస్తకం ఎంతవరకు పనికొస్తుంది? వయసు మళ్లిన ఆమెకు ముందు అక్షరాలు పలికే స్థానమైన మఖ్రజ్ సరిచేయాలా, మద్ దీర్ఘాలు నేర్పాలా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.