“వెన్ వి కెన్ మీట్?” అని మెయిల్లో రాసేస్తున్నారు, తెలుగులోంచి దీన్ని ఎలా సరిచెయ్యాలి?

సునీత:
అందరికీ నమస్కారం. ఇది ఇంగ్లీషు సంగతే కానీ దీని వేరు మన తెలుగులో ఉందని నా అనుమానం, అందుకే ఇక్కడ పెడుతున్నా. మా టీంలో కొత్తగా చేరిన పిల్లలు క్లయింట్‌కి పంపే మెయిల్స్ ముందు నేను చూస్తాను. నిన్న వచ్చిన ఒకటి ఇలా ఉంది: “ఐ చెక్డ్ ద ఫైల్. వాట్ యూ నీడ్ ఫ్రమ్ అవర్ సైడ్? వెన్ వి కెన్ మీట్? ప్లీజ్ టెల్ మీ వేర్ ఈజ్ ద మీటింగ్.” మొదటి రెండు ప్రశ్నల్లో మాటల వరస తిప్పాల్సిన చోట తిప్పలేదు, చివరిదాంట్లో తిప్పకూడని చోట తిప్పారు. డైరెక్ట్, ఇండైరెక్ట్ అని రూల్ చెప్తే బాగా తలూపుతారు, వారం తిరక్కుండా మళ్ళీ అదే. తెలుగులోంచే పట్టుకునే దారి ఏదైనా ఉందా?

స్వప్న:
మేడం, “మీకేం కావాలి” అనడం కరెక్టా, “ఏం కావాలి మీకు” అనడం కరెక్టా అనేగా? రెండూ రైటేనండి. రెండోదాంట్లో కొంచెం విసుగు వినిపిస్తుంది అంతే, మా అత్తగారు ఫోన్ ఎత్తగానే రెండోదే అంటారు.

సునీత:
అది కాదు స్వప్నా, ఇంగ్లీషులో వరస. అయినా నువ్వన్నదాంట్లోనే కిటుకుంది చూడు, మనకి అటు తిప్పినా ఇటు తిప్పినా ప్రశ్న ప్రశ్నలాగే ఉంటుంది, వరస మారితే మారేది గొంతే.

నరేష్:
అక్కా, దీనికి ఇంత పరేషాన్ ఎందుకు, ఇండియన్ ఇంగ్లీష్‌ల గిట్లనే రాస్తరు, క్లయింట్‌కి అర్థమైతది కదా. అసలు ఇంగ్లీష్‌ల కూడా ఒకప్పుడు ఈ “డు” లేదు, పాత నాటకాలల్ల “వాట్ సే యూ” అనే ఉంటది.

రమణమూర్తి:
నరేష్ చెప్పింది సగం నిజం బాబూ. “డు” పాతకాలంలో ఇంత తప్పనిసరి కాదు, అది మెల్లగా స్థిరపడింది, కరెక్టే. కానీ నువ్విచ్చిన ఉదాహరణే చూడు, “వాట్ సే యూ” లో క్రియ ముందుకొచ్చింది, “యూ” వెనక్కెళ్ళింది. అంటే తిప్పడం అప్పుడూ ఉంది, “డు” సాయం లేకుండా తిప్పేవాళ్ళు అంతే. “వాట్ యూ సే” అని మాత్రం అడగలేదు.

ఇక సునీత గారు అడిగినదానికి. క్లయింట్లు “వాట్ యూ నీడ్” అని చదివినప్పుడు చెవికి ఏం తగులుతుందో ముందు పిల్లలకి చెప్పండి. ఆ మూడు మాటలకీ ఇంగ్లీషులో “మీకు కావాల్సింది” అని అర్థం. “వాట్ యూ నీడ్ ఈజ్ ఎ న్యూ పాస్‌వర్డ్” అంటే మీకు కావాల్సింది కొత్త పాస్‌వర్డ్ అని. కాబట్టి చదివేవాడు “మీకు కావాల్సింది...” దాకా వచ్చి మిగతా వాక్యం కోసం చూస్తాడు, అక్కడ ప్రశ్న గుర్తు కనబడుతుంది, అప్పుడు వెనక్కెళ్ళి ఓహో అడుగుతున్నారా అనుకుంటాడు. అర్థమవుతుంది, కాదనను, కానీ రెండోసారి చదివాక.

తెలుగు దారి ఉంది, మా స్కూల్లో అదే చెప్పేవాణ్ణి. ఇంగ్లీషులో రాసేముందు ఆ మాట తెలుగులో అనుకుని, చివర “ఓ” వస్తోందా చూడమనేవాణ్ణి. “మీకేం కావాలి?” లో ఓ లేదు, అంటే ఇది నేరుగా అడగడం, తిప్పాలి, “వాట్ డు యూ నీడ్”. “మీకేం కావాలో చెప్పండి” లో ఓ వచ్చింది, అంటే ప్రశ్న ఇంకో వాక్యం కడుపులోకెళ్ళింది, తిప్పకూడదు, “ప్లీజ్ టెల్ మీ వాట్ యూ నీడ్”. మనం ఓ తో చేసే పని వాళ్ళు వరసతో చేస్తారు.

సునీత:
మాస్టారూ ఇది చాలా బాగుంది. ఆ మెయిల్‌కి పెట్టి చూస్తున్నా. “మావైపు నుంచి ఏం కావాలి?” ఓ లేదు, “వాట్ డు యూ నీడ్ ఫ్రమ్ అవర్ సైడ్?” “ఎప్పుడు కలవొచ్చు?” ఓ లేదు, “వెన్ కెన్ వి మీట్?” ఇక్కడ “కెన్” ఉంది కాబట్టి “డు” అక్కర్లేదు, అదే ముందుకొస్తుంది. “మీటింగ్ ఎక్కడో చెప్పండి”, ఓ వచ్చింది, “టెల్ మీ వేర్ ద మీటింగ్ ఈజ్”. ఈ చివరిదే మావాళ్ళకి మింగుడుపడదు, “ఈజ్” ని చివర ఒంటరిగా వదిలేస్తే వాక్యం తెగిపోయినట్టుంది అంటారు.

రమణమూర్తి:
అలవాటవుతుంది లెండి. ఇంకోటి, “ఫైల్ ఎవరు పంపారు?” లో ఓ లేదు కదా అని “హూ డిడ్ సెండ్ ద ఫైల్” అని రాస్తారు, అది వద్దు, “హూ సెంట్ ద ఫైల్?” చాలు. పని చేసినవాడి గురించే అడిగితే తిప్పడానికి ఇంకెవరూ ఉండరు. “ఎవరికి పంపారు?” అయితే పంపినవాడు వేరే ఉన్నాడు, కాబట్టి “హూ డిడ్ యూ సెండ్ ఇట్ టు?” మన ఎవరు, ఎవరికి తేడా చూసుకుంటే చాలు. “డిడ్” వచ్చాక “సెంట్” రాయకూడదని కూడా చెప్పండి, ఒక క్రియకి జరిగిపోయిన కాలం ఒక్కచోటే కనబడాలి.

కిరణ్:
నాదో డౌట్. నేను ఒకసారి మేనేజర్‌కి “వాట్ డు యూ నీడ్?” అని గ్రామర్ కరెక్ట్‌గానే రాశా, ఆయన ఫోన్ చేసి ఏంటయ్యా కసురుకుంటున్నావ్ అన్నారు. అప్పట్నుంచి భయమేసి “కుడ్ యూ ప్లీజ్ టెల్ మీ వాట్ డు యూ నీడ్” అని పొడుగ్గా రాస్తున్నా, ఇప్పుడు ఇది చదివాక అదీ తప్పేనా అనిపిస్తోంది.

సునీత:
మర్యాద వేరు వరస వేరు కిరణ్. మనకి “అండి” తగిలిస్తే మెత్తబడిపోతుంది, వాళ్ళకి అది లేదు కాబట్టి “కుడ్ యూ” లాంటివి ముందు పెట్టుకుంటారు, నువ్వు పెట్టడం మంచిదే. కానీ అది పెట్టగానే ప్రశ్న లోపలికెళ్ళిపోయింది, “మీకేం కావాలో చెప్తారా?” అన్నట్టు. చెప్తారా లోని “ఆ” కోసం “కుడ్ యూ” అని ఒకసారి తిప్పేశావ్, కావాలో దగ్గర మళ్ళీ తిప్పకు. “కుడ్ యూ ప్లీజ్ టెల్ మీ వాట్ యూ నీడ్?” అంతే.

నరేష్:
సరే గానీ మాస్టారూ, మీ ఓ రూల్ మా దిక్కు నడ్వదు. మేం “ఎప్పుడొస్తవ్ చెప్పు” అంటం, “ఎప్పుడొస్తవో చెప్పు” అని ప్రతిసారీ అనం. మా తమ్ముడు గీ లెక్కన “టెల్ మీ వెన్ విల్ యూ కమ్” అనే రాస్తడు.

రమణమూర్తి:
మంచి మాట పట్టావు. మావైపు కూడా మాటల్లో అలా అంటాం. “ఎప్పుడొస్తవ్? చెప్పు.” అని రెండు ముక్కలు పక్కపక్కన పెట్టడం అది. అలా వచ్చినప్పుడు ఓ పెట్టి చూడమను, పెట్టినా అతుకుతోందంటే తిప్పకూడదు. “ఎప్పుడొస్తవో చెప్పు” అతికింది కదా.

స్వప్న:
ఇప్పుడర్థమైంది నాకు! మరి “ఎప్పుడు కలవొచ్చంటారు?” లో ఓ లేదు కదండి, “వెన్ డు యూ థింక్ కెన్ వి మీట్” అని రెండు చోట్లా తిప్పాలా?

రమణమూర్తి:
లేదమ్మా, “వెన్ డు యూ థింక్ వి కెన్ మీట్?” తిప్పడం ఒక్కసారే, అది “అంటారు” దగ్గర అయిపోయింది.

స్వప్న:
కానీ ఓ పెడితే “ఎప్పుడు కలవొచ్చో అంటారు” అవుతుంది, అది అతకట్లేదు. మరి మీ రూల్ ప్రకారం తిప్పాలిగా?

రమణమూర్తి:
నిజమే, “అను” తో వచ్చేవాటికి ఓ పరీక్ష పనిచెయ్యదు. అక్కడ పిల్లలకి ఏం గుర్తు చెప్పొచ్చో ఆలోచించాలి. ఎవరికైనా తడితే రాయండి.