సోదెకు పోతేనా, సోదికి పోతేనా?

కృష్ణాతీరం: పొద్దున్నుంచి ఒక సామెత నాలిక చివర ఆడుతోంది, పూర్తిగా రావట్లేదు. "సోదికి పోతే పాత... బయటపడిందట." మధ్యలో మాట "రంకు" అనే అనుకుంటా, కానీ మా అమ్మమ్మ ఇంకేదో అనేది. ఇంకో డౌటు, ఆవిడ సోదె అనేదా సోది అనేదా? ఎందుకు గుర్తొచ్చిందంటే నిన్న రాత్రి మా అమ్మాయికి పాత సంగతేదో చెప్తుంటే "నాన్నా, ల్యాగ్" అంది. నెట్ స్లో అయిందేమోనని లేచెళ్ళి రౌటర్ ఆపి మళ్ళీ ఆన్ చేసొచ్చాను. అది పడీ పడీ నవ్వింది. మా రోజుల్లో సుత్తి అనేవాళ్ళం, ఇప్పుడు దాన్ని క్రింజ్ అంటారని తెలుసు గానీ ఈ ల్యాగ్ ఏంటో.

పుస్తకాల పురుగు: రంకే. మీ అమ్మమ్మగారు పిల్లల ముందు మార్చి చెప్పుంటారు. మాట మాత్రం సోదె. సోదె చెప్పే ఆవిడ సోదెకత్తె, సోదికత్తె అని ఎక్కడైనా విన్నారా? పల్లె కాస్తా పల్లి అయినట్టు ఈ సోదె నోట్లో నలిగి సోది అయింది.

శాసనాల పిచ్చోడు: పల్లె-పల్లి ఉదాహరణ తలకిందులుగా ఇచ్చారండీ. పల్లితో ముగిసే ఊళ్ళ పేర్లు పాత శాసనాల్లో బోలెడున్నాయి. అక్కడ ఇకారం ముందు, ఎకారం తర్వాత. సోదె విషయంలో మీరు కరెక్టే కావచ్చు గానీ ఈ సాక్ష్యంతో కాదు.

పుస్తకాల పురుగు: సరే, సాక్ష్యం మారుస్తా, తీర్పు మార్చను 😀

వరంగల్ పిల్ల: మా దిక్కు ఇప్పటికీ సోది అనే అంటరు, "సోది పెట్టకు" అని. మా నాయినమ్మ గూడ అంటది, నేను గూడ అంట, గది పాతగైన మాట అంటే నాకు నవ్వొస్తది. సుత్తి అంటే మాత్రం ఎవలో పాత సినిమా పెట్టినట్టే ఉంటది. కృష్ణాతీరం సారూ, క్రింజ్ అంటే సుత్తి కాదు.

కృష్ణాతీరం: అదెట్లా? రెండూ "ఇక ఆపు" అనే కదా?

వరంగల్ పిల్ల: కాదు సార్. సుత్తికి టైం పట్టాలె, గంట సేపు చెప్తేనే సుత్తి. క్రింజ్‌కు ఒక్క లైన్ చాలు. మా మామ ఆఫీసు గ్రూపుల మేనేజర్‌కు "హాయ్ డ్యూడ్" అని పెట్టిండు, రెండే ముక్కలు, సుత్తి ఎట్లైతది? చదివిన మాకు మాత్రం ఆయన తరఫున సిగ్గనిపించింది. విసుగొస్తే ల్యాగ్, సిగ్గొస్తే క్రింజ్. "సెకండాఫ్ ల్యాగ్" అంటరు సూడుండ్రి, గేమ్ ఆడేటప్పుడు స్క్రీన్ ఆగి ఆగి కదులుతది గదా, అక్కడికెళ్ళి వచ్చింది. మీ సుత్తికి అసలు వారసుడు గదే. మీ బిడ్డ కరెక్టుగనే అన్నది.

పుస్తకాల పురుగు: క్రింజ్‌కి మనకి "ఎబ్బెట్టు" ఉందిగా, దాదాపు అదే. ఇక సుత్తి అంటారా, 1982లో జంధ్యాల గారి "నాలుగు స్తంభాలాట" పుట్టించిన మాట. ఆ దెబ్బతో వీరభద్రరావు, వేలు ఇద్దరికీ సుత్తి ఇంటిపేరైపోయింది.

బెజవాడ రిటైర్డ్: పుట్టించిందంటే నేనొప్పుకోను. అంతకుముందే మా హాస్టల్లో సుత్తి కొట్టడం ఉంది, ఎవడన్నా మొదలెడితే పక్కవాడు గాల్లో సుత్తితో మోదుతున్నట్టు సైగ చేసేవాడు. సినిమా దాన్ని ఊరూరా పంచింది, అంతే. అసలు అలా పంచడమే దాని ప్రాణం తీసింది. హాస్టల్లో ఉన్నంతకాలం అది మా గుంపు మాట, సినిమా వచ్చాక మా లెక్చరర్లు కూడా "సుత్తి కొట్టకండ్రా" అనడం మొదలెట్టారు. లెక్చరర్ నోట్లో పడ్డాక ఏ కుర్రాడు వాడతాడండీ దాన్ని? మేం హస్కు కొట్టడంలోకి దిగిపోయాం. ఇప్పుడు నేను హస్కు అంటే మా మనవడు మొహం తేలేస్తాడు. కబుర్లు, ముచ్చట్లు మాత్రం ఎప్పుడూ పాతబళ్ళేదు చూడండి, అవి ఏ గుంపు సొత్తూ కాదు గనక.

పుస్తకాల పురుగు: హాస్టల్లో ముందే ఉందనడానికి రాతలో ఆధారం ఉందా? కాలేజీ మ్యాగజైనో, ఉత్తరమో?

బెజవాడ రిటైర్డ్: నేనే ఆధారం.

గురజాడ గారి వీరాభిమాని: మీరంతా సినిమాల దగ్గరే ఆగిపోయారు. ఈ పని గురజాడ కన్యాశుల్కంలో ఎప్పుడో చేశాడు. "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" ఒక్కటి చాలు. డామిట్ ఆ రోజుల్లో ఇంగ్లీషు చదువుకున్న కుర్రకారు స్టయిలు, ఇప్పుడెవరన్నా అంటే గిరీశాన్ని అనుకరిస్తున్నాడనే అనుకుంటాం. అదే వాక్యంలో "అడ్డంగా తిరిగింది" మాత్రం ఇవాళ్టికీ నిక్షేపంలా ఉంది. ఫ్యాషన్ ముక్క మాసిపోయింది, పక్కనున్న తెలుగు మాసిపోలేదు. 1909 కూర్పు తీసి ఇదే కన్నుతో గిరీశం మాటలన్నీ చదవండి, నేను ఏటా చదువుతా.

పుస్తకాల పురుగు: 1897 కూర్పు కూడా పక్కన పెట్టుకుని చదవాలి మరి.

గురజాడ గారి వీరాభిమాని: పెట్టుకునే చదువుతానండీ.

అనంతపురం పిన్ని: నాకు గిరీశం సంగతి తెలీదు గానీ నాదొకటుంది. పోయిన పండక్కి నేను చేసిన ఓళిగల ఫోటో ఫ్యామిలీ గ్రూపులో పెడితే మా అక్క కొడుకు "అరాచకం పిన్నీ" అని పెట్టినాడు. రెండ్రోజులు వాడితో మాట్లాడలేదు. పేపర్లో అరాచకం అంటే ఏముంటాది, దొమ్మీలు, దౌర్జన్యాలే కదా. తర్వాత మా పాప చెప్పింది, అది మెచ్చుకోవడమంట.

వరంగల్ పిల్ల: అయ్యో పిన్నీ 😂 దాని వెనక క్రియ ఉన్నదా లేదా సూడుండ్రి. "అరాచకం చేస్తున్నరు", "అరాచకం జరుగుతుంది" అంటే తిట్టు. క్రియ లేకుండ ఒక్కటే ఉండి పక్కన పిన్నీ, మామా, అసలు గిట్లాంటియి ఉంటే మెచ్చుకోలు. "అరాచకంగ ఉంది" అంటే మాత్రం నేను గూడ ముందు ఫోటో సూస్త. ఎదురుంగ చెప్తే గొంతులనే తెలుస్తది, రాస్తే గా గొంతు ఉండదు.

బెజవాడ రిటైర్డ్: ఇందులో కొత్తేముంది, మేం చించేశాడు, ఇరగదీశాడు అనేవాళ్ళం. మా నాన్నగారు "దేన్ని విరిచాడ్రా?" అని అడిగేవారు. పది మందీ వాడితే పదును పోతుంది, పోయినప్పుడల్లా ఇంకాస్త గట్టి మాట కావాలి. విరగ్గొట్టడంతో మొదలై అరాచకం, ఊచకోత దాకా వచ్చింది.

పుస్తకాల పురుగు: "తెగ నచ్చింది"లో తెగ కూడా తెగడంలోంచి వచ్చిందేనని నా అనుమానం. అంతా ఒకే కత్తుల కుటుంబం.

శాసనాల పిచ్చోడు: అనుమానాన్ని అనుమానంగానే ఉంచండి.

కృష్ణాతీరం: అందరికీ థాంక్స్, కానీ నా సోదె-సోది...

చిత్తూరు అల్లుడు: సోదిని వదిలేయండి, సొల్లు సంగతేంటి? "సొల్లు చెప్పకు" అన్నదాంట్లో సొల్లు తమిళం. వాళ్ళకి చెప్పడమే సొల్లడం. మావాళ్ళు సగం తమిళం మాట్లాడతారు, నాకు తెలుసు.

పుస్తకాల పురుగు: తమిళం దాకా ఎందుకండీ? నోట్లోంచి కారే సొల్లే అది. కారుతూ ఉంటుంది, ఉపయోగం ఉండదు, మాటా అంతే.

చిత్తూరు అల్లుడు: దాన్ని చొంగ అంటారు కదా?

పుస్తకాల పురుగు: చొంగ మా కోస్తాలో. మీ అత్తారింట్లో ఏమంటారో కనుక్కుని రండి.

అనంతపురం పిన్ని: మా ఇంట్లో జొల్లు అంటాము.

శాసనాల పిచ్చోడు: జొల్లా? జకారం ఎక్కణ్ణుంచి వచ్చింది మళ్ళీ? దీనికి వేరే పోస్టు పెడతాను, అక్కడికి రండి.