ట్రావెల్ ఈసిమ్ ఇంట్లోనే వేసుకోవాలా, విమానం దిగాకా?

తూనీగ:
వచ్చే గురువారం పని మీద విదేశం వెళ్తున్నాను, పది రోజులు. ట్రావెల్ ఈసిమ్ కొన్నాను, క్యూఆర్ కోడ్ మెయిల్‌కి వచ్చింది. ఇంట్లోనే వేసుకోవాలా, అక్కడ దిగాక వేసుకోవాలా? నా అసలు నంబరు మామూలు సిమ్ కార్డులో ఉంది. దానికి బ్యాంకు ఓటీపీలు రావాలి, కానీ రోమింగ్ బిల్లు పడకూడదు. ఫోన్ ఐఫోన్ 13.

కొండగాలి:
దిగాకే వేసుకోండి. ఇంట్లో వేస్తే అప్పటి నుంచే గడువు మొదలవుతుంది. నేను ఏడు రోజుల ప్లాన్ కొని రెండు రోజుల ముందే వేసుకున్నాను. దిగేసరికి ఐదు రోజులే మిగిలాయి. కస్టమర్ కేర్‌కి రాస్తే, షరతుల్లో ఉంది చూసుకోండి అన్నారు.

వేకువ:
తూనీగ గారూ, ఇంట్లోనే వేసుకోండి. ప్రొఫైల్ ఫోన్లోకి దిగడానికి నెట్ కావాలి. అక్కడ దిగాక మీకున్న నెట్ ఎయిర్‌పోర్ట్ వైఫై ఒక్కటే. చాలాచోట్ల ఆ వైఫైలోకి వెళ్లాలన్నా ఫోన్‌కి ఓటీపీ పంపుతారు. అది రాకపోతే అక్కడే ఇరుక్కుపోతారు.

కొండగాలి గారు చెప్పింది కొన్ని ప్లాన్లకే నిజం. కొన్నిటికి వేసుకున్న రోజు నుంచి గడువు లెక్క. చాలావాటికి మాత్రం అక్కడి నెట్‌వర్క్‌ని మొదటిసారి పట్టుకున్నప్పటి నుంచి. మీది ఏ రకమో ఆ మెయిల్‌లోనే రాసి ఉంటుంది, ముందు అది చదవండి. మొదటి రకమైతే బయల్దేరే రోజున, ఇంటి వైఫై ఉండగానే వేసుకోండి.

క్యూఆర్ బొమ్మ అదే ఫోన్లో ఉంటే స్కాన్ చేయడానికి రెండో ఫోన్ వెతకక్కర్లేదు. iOS 17.4 నుంచి బొమ్మ మీద వేలు నొక్కి పట్టుకుంటే ఈసిమ్ వేసుకునే ఎంపిక వస్తుంది. అయ్యాక ఆ లైనుకు Travel అని పేరు పెట్టి, Turn On This Line ఆపేయండి. దిగాక ఆన్ చేస్తే చాలు.

గోరింట:
ఇందులో అంత ఆలోచించడానికి ఏముందండీ, పాత సిమ్ తీసేసి కొత్తది వేసుకోవడమేగా? కాకపోతే తొందరపడకండి. నేను మొబైల్ కంపెనీ మారినప్పుడు కొత్త ఈసిమ్‌కి సిగ్నల్ రాలేదని దాన్ని డిలీట్ చేసి, అదే కోడ్ మళ్లీ స్కాన్ చేశాను. ఇప్పటికే వాడిన కోడ్ అని వచ్చింది. కొత్త కోడ్ వచ్చేదాకా రెండు రోజులు నంబరు లేకుండా ఉన్నాను.

వేకువ:
గోరింట గారిది కంపెనీ మారిన సంగతి. తూనీగ గారు నంబరు మార్చడం లేదు, పక్కన ఇంకో లైను పెట్టుకుంటున్నారు. కానీ డిలీట్ మాట ఇద్దరికీ పనికొస్తుంది. ఆ కోడ్ చాలావరకు ఒక్కసారికే. సిగ్నల్ రాకపోతే లైను ఆపి మళ్లీ ఆన్ చేయండి, ఫోన్ రీస్టార్ట్ చేయండి. డిలీట్ మాత్రం నొక్కొద్దు.

చినుకు:
ఫోన్‌కి కంపెనీ లాక్ ఉందేమో చూశారా? Settings, General, Aboutలో Carrier Lock దగ్గర No SIM restrictions అని ఉండాలి. లేకపోతే వేరే కంపెనీ ఈసిమ్ పనిచేయదు.

కొండగాలి:
మెయిల్ చదవమనడం తేలికే. నాకొచ్చిన మెయిల్‌లో ఆ ముక్క చివర ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది. తేడా చేస్తే నష్టపోయేది కొన్నవాళ్లే. దిగాక వేసుకుంటే ఆ టెన్షనే ఉండదు. మరి ఓటీపీల సంగతి ఎవరూ చెప్పరేం?

వేకువ:
చెబుతున్నాను. ఎస్ఎంఎస్ రావడానికి డేటా రోమింగ్ అక్కర్లేదు. అసలు లైను ఆన్‌లో ఉండాలి, ఇంటి కంపెనీ దగ్గర ఆ నంబరుకు అంతర్జాతీయ రోమింగ్ తెరిచి ఉండాలి. ఈ రెండోది చాలామంది మరిచిపోతారు. బయల్దేరే ముందే అడిగి తెరిపించుకోండి, వచ్చే ఎస్ఎంఎస్‌కి చార్జీ ఉందో లేదో కూడా అడగండి. కాల్ ఎత్తితే మాత్రం చాలా కంపెనీలు డబ్బు తీసుకుంటాయి.

ఇక బిల్లు. అసలు లైనులో Data Roaming ఆఫ్, Travel లైనులో ఆన్. డేటాకు Travel ఎంచుకుని, దాని కిందే ఉండే Allow Mobile Data Switching ఆఫ్ చేయండి. కొన్ని ఫోన్లలో Mobile బదులు Cellular అని ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే Travel సిగ్నల్ తగ్గినప్పుడు ఫోన్ రెండో లైను డేటా వాడుకోవాలని చూస్తుంది.

నన్నడిగితే అసలు నంబరును కూడా ఈసిమ్‌కి మార్చేసుకోవడం మంచిది. మీ ఫోన్ ఒకేసారి రెండు ఈసిమ్‌లు నడుపుతుంది.

కొండగాలి:
ఈ సలహా మాత్రం ఇవ్వకండి! ప్రయాణానికి వారం ముందు సిమ్ మార్చుకోమంటారా? సిమ్ మార్చాక కొన్నిచోట్ల ఒక రోజు పాటు ఎస్ఎంఎస్‌లే రావు, తెలుసా?

వేకువ:
తెలుసు. అందుకే వారం ముందు అంటున్నాను, ముందురోజు కాదు. మీరు గడువు దగ్గర మొదలుపెట్టి ఇప్పుడు ఇంకెక్కడికో పోతున్నారు. రెండు రోజుల డేటా పోయినందుకు ఇంత కోపమా?

కొండగాలి:
రెండు రోజుల డేటా గురించి కాదు. అదే ప్రయాణంలో నా ఫోన్ మెట్ల మీద పడి స్క్రీన్ నల్లబడిపోయింది. అప్పటికి నా నంబరు ఈసిమ్‌లో ఉంది. ఇంకో ఫోన్ కొన్నాను. దాంట్లోకి నంబరు తెచ్చుకోవాలంటే కంపెనీ యాప్‌లోకి వెళ్లాలి, యాప్ ఓటీపీ అడుగుతుంది, ఆ ఓటీపీ వచ్చేది పగిలిన ఫోన్‌కి. ఫోన్ చేస్తే, మా కేంద్రానికి గుర్తింపు కార్డుతో రండి అన్నారు. నేనున్నది వేరే దేశం. తిరిగొచ్చేదాకా బ్యాంకులో డబ్బుండి కూడా పంపలేకపోయాను. కార్డే ఉంటే పిన్నుతో గుచ్చి తీసి, కొత్త ఫోన్లో పెట్టుకునేవాణ్ణి. నా నంబరు నా చేతిలో ఉండాలి, ఎవరినో బతిమాలితే వచ్చేలా ఉండకూడదు.

వేకువ:
ఈ మాట ముందే చెప్పి ఉంటే నేను అలా రాసేదాన్ని కాదు, క్షమించండి. ఫోన్ పగిలితే మీరన్నది పూర్తిగా నిజం. కానీ నాకు జరిగింది వేరు. నా ఫోన్ కొట్టేశారు. స్క్రీన్ లాక్ ఉంది కదా అనుకున్నాను. వాళ్లు కార్డు తీసి వేరే ఫోన్లో పెట్టుకున్నారు, నా ఓటీపీలు వాళ్లకు వెళ్లాయి. ఈసిమ్ అయితే అలా తీయలేరు. అందుకే నేను మారాను.

కొండగాలి:
సిమ్ పిన్ పెట్టుకుంటే ఆ భయం లేదు. వేరే ఫోన్లో పెట్టగానే పిన్ అడుగుతుంది, మూడుసార్లు తప్పు కొడితే లాక్ అవుతుంది.

వేకువ:
నిజమే. ఎంతమంది పెట్టుకుంటారు?

చినుకు:
పెట్టేముందు కార్డుకు ముందే ఉన్న పిన్ ఏమిటో కంపెనీని అడగండి. ఊహించి కొడితే మీ కార్డే లాక్ అవుతుంది, తర్వాత దాన్ని తెరిచే పీయూకే కోడ్ కోసం తిరగాలి.

తూనీగ:
అందరికీ థ్యాంక్స్ అండీ. అక్కడి నుంచే రాస్తున్నాను. మెయిల్‌లో నెట్‌వర్క్ పట్టుకున్నప్పటి నుంచి అని ఉంది, అందుకే ఇంట్లోనే వేసుకున్నాను. దిగి లైను ఆన్ చేస్తే సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, నెట్ మాత్రం లేదు. పావుగంట కంగారుపడ్డాను. బిల్లు భయంతో రెండు లైన్లకీ Data Roaming ఆపేశాను! Travel లైనుకు ఆన్ చేయగానే నెట్ వచ్చింది.

ఓటీపీ మాత్రం మొదటి సాయంత్రం రాలేదు. అసలు లైను No Service చూపించింది. రోమింగ్ తెరిపించడం మరిచిపోయాను. కంపెనీ యాప్‌లో ఇంటి దగ్గరే లాగిన్ అయి ఉన్నాను కాబట్టి సరిపోయింది, హోటల్ వైఫై మీద అందులోనే తెరిచాను. ఫోన్ రీస్టార్ట్ చేశాక ఓటీపీ వచ్చింది.

కొండగాలి:
కార్డు ఫోన్లోనే ఉందిగా?

తూనీగ:
ఉంది. పిన్ ఇంకా పెట్టలేదు. తిరిగొచ్చాక ఈసిమ్‌కి మారాలా వద్దా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.