ఆర్‌ఎస్‌ఆర్‌పీ -94 ఉంటే వీక్ ఏరియా కాదా? కొత్త సైటా, టిల్టా?

డీటీ_శీను
కాలనీ మెయిన్ రోడ్డు మీద సాయంత్రం ఏడింటికి డ్రైవ్ చేశాం. బ్యాండ్ 40, 20 మెగాహెర్ట్జ్. ఆర్‌ఎస్‌ఆర్‌పీ అనే సిగ్నల్ బలం ఎక్కడా -100 కిందికి పోలేదు. అయినా 300 మీటర్ల ముక్కలో వీడియో ఆగి ఆగి వస్తోంది. మా లీడ్ "ప్లాట్ అంతా ఆకుపచ్చే, వీక్ ఏరియా కాదు" అంటున్నారు. రిపోర్టులో ఏం రాయాలి, ఏం అడగాలి? ఆ ముక్క మధ్యలో తీసిన రీడింగ్:

```
PCI 214  RSRP -94  RSRQ -14  SINR -0.5  TA 8
PCI 88   RSRP -96
PCI 306  RSRP -97
UE Tx Power 14 dBm
```

సైట్_బాబు
వీక్ ఏరియానే, అనుమానం అక్కర్లేదు. కారులోనే -94 అంటే ఇంట్లో ఎంత ఉంటుందో ఊహించుకో. గోడలకు 15 డీబీ తీసేస్తే -109. అక్కడ కొత్త సైట్ కావాలి. అదే రాయి.

వసంత_ఆప్టి
శీనూ, ముందు ఒక చిన్న తీసివేత చెయ్యి. ఒక్కో సబ్‌క్యారియర్ 15 కిలోహెర్ట్జ్. అందులో థర్మల్ నాయిస్ -132 డీబీఎం, ఫోన్ రిసీవర్ తనవంతుగా 7 డీబీ కలిపిందనుకుంటే -125. మరే సెల్లూ లేకపోతే నీ -94 మీద, అడ్డంకులకంటే సిగ్నల్ ఎంత పైన ఉందో చెప్పే ఎస్‌ఐఎన్‌ఆర్ 31 రావాలి. వచ్చింది -0.5. ఆ 31 డీబీ తినేసింది దూరం కాదు, పక్క సెల్స్. 88ని, 306ని కలిపి చూడు. -96, -97 కలిస్తే -93.5 అవుతుంది. నీ సిగ్నల్ -94. తేడా సరిగ్గా -0.5. స్క్రీన్ మీద కనబడ్డ అంకెకి లెక్క సరిపోయింది కాబట్టి, కనబడని మూడో కారణం కోసం వెతకనక్కర్లేదు.

అసలు సిగ్నల్ లేని చోట ఇలా ఉండదు. ఆర్‌ఎస్‌ఆర్‌పీ -118 ఉండి, పక్కన చెప్పుకోదగ్గ సెల్ లేకుండా, ఎస్‌ఐఎన్‌ఆర్ 6, 7 దగ్గర ఉంటే అది కవరేజ్ హోల్. ఇక్కడ సిగ్నల్ తక్కువ కాలేదు, పెద్ద సెల్ ఏదో తేలలేదు. నువ్వు రాయాల్సింది "డామినెన్స్ లేదు" అని.

రెండో_అంతస్తు
మాదీ ఇలాంటి కాలనీయే. నాలుగు గీతలు నిండుగా ఉంటాయి, యూపీఐ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. మూడుసార్లు కంప్లైంట్ ఇస్తే మూడుసార్లూ "కవరేజ్ ఓకే" అని మూసేశారు. 5జీ ఫోన్ కొంటే పోతుందా?

వసంత_ఆప్టి
గీతలు ఎక్కువగా ఆర్‌ఎస్‌ఆర్‌పీని చూసే వేస్తాయండీ, ఎస్‌ఐఎన్‌ఆర్‌ని కాదు. మీకు గీతలు నిండుగా ఉండటం, డబ్బు పంపడం ఆగిపోవడం రెండూ ఒకేసారి నిజం కావొచ్చు. మీ వీధిలో 5జీ ఎంత ఉందో చూడకుండా ఫోన్ కొనమని చెప్పలేను.

సైట్_బాబు
నా -109కి జవాబు రాలేదు మేడం. జనం రోడ్డు మీద కూర్చుని వీడియోలు చూడరు.

వసంత_ఆప్టి
బాబుగారూ, గోడ ఒక్క 214నే ఆపదు కదా. 88నీ, 306నీ కూడా దాదాపు అంతే ఆపుతుంది. ఇంట్లో సిగ్నల్ -109, ఇంటర్‌ఫియరెన్స్ -108.5, నాయిస్ ఇంకా కింద -125 దగ్గరే. ఎస్‌ఐఎన్‌ఆర్ మళ్లీ -0.6. డౌన్‌లింక్‌కి రోడ్డు మీద ఎంత నరకమో ఇంట్లోనూ అంతే. గోడ దెబ్బ తగిలేది అప్‌లింక్‌కి. రోడ్డు మీద ఫోన్ 14 డీబీఎంతో పంపుతోంది, దాని గరిష్ఠం 23. ఇంట్లోకి వెళ్లగానే 15 డీబీ ఎక్కువ కావాలి, చేతిలో ఉన్నది 9. ఇంట్లో కాల్స్‌లో అవతలివాళ్లకు మన మాట తెగిపోవడం అక్కడ మొదలవుతుంది. నడిచి టెస్ట్ చేసేటప్పుడు UE Tx Power 23 దగ్గర అతుక్కుపోయిందా అని చూడాలి.

సైట్_బాబు
అంటే ఇంట్లో అప్‌లింక్ చాలదని మీరే ఒప్పుకున్నారు. దానికి యాంటెన్నా వంచే టిల్ట్ ఏం చేస్తుంది?

ఆర్‌ఎఫ్_కరీం
ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. 214ని మూడుతో భాగిస్తే శేషం 1. 88కీ 1. మాడ్ 3 కొట్టుకుంటోంది, రెండింటి రిఫరెన్స్ సిగ్నల్స్ ఒకే చోట పడుతున్నాయి. 88 సెల్ నంబర్, అంటే పీసీఐ మార్చేయండి, ఎస్‌ఐఎన్‌ఆర్ లేస్తుంది. ఒక్క రూపాయి ఖర్చు లేదు.

వసంత_ఆప్టి
కరీం అన్నా, క్లాష్ ఉన్న మాట నిజమే. బ్యాండ్ 40 టీడీడీ కాబట్టి సైట్లన్నీ ఒకే టైమింగ్ మీద ఉంటాయి, ఢీ తప్పదు. కానీ మార్చితే ఏమవుతుందో తేల్చడానికి రాత్రి రీడింగ్ కావాలి. శీనూ, అదే ముక్క రాత్రి రెండింటికి ఒకసారి తిరుగు. పక్క సెల్స్‌కి ఫోన్‌ని లాక్ చేసి, టవర్ దూరం చెప్పే టీఏ కూడా తీసుకో.

డీటీ_శీను
తిరిగొచ్చాను మేడం. అదే కారు, ఫోన్ అదే డాష్‌బోర్డు హోల్డర్‌లో.

```
02:10  PCI 214  RSRP -94  SINR 1.9
lock PCI 88   TA 38
lock PCI 306  TA 10
```

వసంత_ఆప్టి
భలే రీడింగ్. రాత్రి ట్రాఫిక్ లేనప్పుడు 306 దాదాపు నిశ్శబ్దం. దాని రిఫరెన్స్ సిగ్నల్ వేరే చోట పడుతుంది, 214కి అడ్డు రాదు. 88ది మాత్రం ట్రాఫిక్ ఉన్నా లేకపోయినా సరిగ్గా మన రిఫరెన్స్ మీదే పడుతుంది. -94కీ -96కీ తేడా 2, వచ్చింది 1.9. క్లాష్ రుజువైంది.

ఇప్పుడు కరీం అన్న చెప్పినట్టు పీసీఐ మార్చారనుకోండి. రాత్రి ఎస్‌ఐఎన్‌ఆర్ ఒక్కసారిగా పైకి లేస్తుంది, ప్లాట్ ఆకుపచ్చగా మారుతుంది. కానీ సాయంత్రం ఏడింటికి 88 తన డేటాతో అన్ని చోట్లా నిండి ఉంటుంది, అప్పుడు మళ్లీ -0.5 చుట్టుపక్కలే. రాత్రి డ్రైవ్ చేసి "బాగైంది" అని రాసేసే పొరపాటు సరిగ్గా ఇక్కడే జరుగుతుంది. పీసీఐ మార్చాలి, కానీ అది మందు కాదు.

మందు టీఏలో ఉంది. ఒక్కో అంకె 78 మీటర్లు. 214 అంటే 600 మీటర్లు, 306 అంటే 800. 88 దాదాపు మూడు కిలోమీటర్ల నుంచి వచ్చి ఈ కాలనీలో కూర్చుంది. దాన్ని కిందికి దించాలి. దాని ఎత్తు, టిల్ట్ ఎంత?

డీటీ_శీను
సైట్ డేటాబేస్‌లో 30 మీటర్లు, మొత్తం టిల్ట్ 2 డిగ్రీలు. వర్టికల్ బీమ్ 7 డిగ్రీలు.

వసంత_ఆప్టి
30 మీటర్ల పైనుంచి మూడు కిలోమీటర్ల దూరం చూస్తే కోణం అర డిగ్రీ పైచిలుకు. టిల్ట్ 2 ఉంటే ఈ కాలనీ దాదాపు మెయిన్ బీమ్ మధ్యలోనే ఉన్నట్టు, అర డీబీ కూడా తగ్గదు. 6 చేస్తే 7 డీబీ దాకా తగ్గుతుంది. అంటే 88 ఇక్కడ -102, -103కి పడుతుంది.

సైట్_బాబు
లెక్క పూర్తి చెయ్యండి మరి. 88 -102.6 అయింది, 306 -97 అలాగే ఉంది. రెండూ కలిస్తే -96. సాయంత్రం ఎస్‌ఐఎన్‌ఆర్ 2. ఇంత డ్రైవ్, ఇంత లెక్క, రెండు డీబీ కోసమా? పైగా 88కి తన కాలనీ ఒకటుంది. 900 మీటర్ల దూరంలో దాని సొంత జనానికి 4 డీబీ కోత పడుతుంది. వాళ్ల కంప్లైంట్లు ఎవరు చూస్తారు?

వసంత_ఆప్టి
లెక్క సరే. అందుకే టిల్ట్ ఒక్కటే అనను. 306కి 214తో మూడు డీబీ తేడా మాత్రమే ఉంది, దాని ఆజిమత్ ఎటు చూస్తోందో కనుక్కోవాలి. 88 టిల్ట్ మార్చే ముందు దాని టీఏ హిస్టోగ్రామ్ తీసి, సొంత ట్రాఫిక్ ఎంత దూరంలో ఉందో చూడాలి. కిలోమీటరు లోపలే ఉంటే 4 డీబీ వాళ్లు భరించగలరు. మీరు అడిగే కొత్త సైట్ ఇప్పుడే పెడితే మూడు సిగ్నళ్ల మధ్య నాలుగోది చేరుతుంది. అంతే.

సైట్_బాబు
అంతే కాదు. కాలనీ మధ్యలో పోల్ పెడితే ఆ వీధుల్లో -75 వస్తుంది. మిగతావన్నీ కలిపినా -91. ఎస్‌ఐఎన్‌ఆర్ 16. అప్‌లింక్‌కీ 19 డీబీ కలిసొస్తుంది. ఇది మీ లెక్కే, మీరు వెయ్యలేదు! ప్రతిసారీ "ఆప్టిమైజేషన్ పెండింగ్" అని ఒక ముక్క రాస్తారు, సైట్ ప్రపోజల్ ఆర్నెల్లు మూలన పడుతుంది. డ్రైవ్ టెస్ట్ జనం కోసం కాదు, సైట్ ఇవ్వకుండా ఉండటానికి చేస్తున్నారు.

వసంత_ఆప్టి
ఆ మాట నాతో అనకండి. ఆకుపచ్చ ప్లాట్ చూపి కంప్లైంట్ మూసింది నేను కాదు, వీక్ ఏరియా కాదని నేను ఒక్కసారి కూడా అనలేదు. పోల్ ఉన్న వీధుల్లో 16 వస్తుందన్నది ఒప్పుకుంటున్నాను, అది ముందే లెక్కేయాల్సింది. కానీ పోల్‌కి 300 మీటర్ల అవతల అది మళ్లీ -90కి పడుతుంది, అక్కడ 88 ఇంకా అలాగే ఉంటే ఇదే గొడవ పక్క వీధికి మారుతుంది. 88ని దించకుండా సైట్ పెట్టొద్దు అన్నదే నా వాదన.

రెండో_అంతస్తు
మీరిద్దరూ మా కాలనీ చూడకుండానే వీక్ ఏరియా అని ఒప్పుకున్నారు. మరి కంప్లైంట్ మూసేవాళ్లు దేన్ని చూసి కాదంటున్నారు?

సైట్_బాబు
అదీ ప్రశ్న. మెయిన్ రోడ్డు మీద వందలో 95 శాంపిల్స్ ఆర్‌ఎస్‌ఆర్‌పీ -100 దాటితే పాస్ అని అగ్రిమెంట్లో ఒక వాక్యం ఉంటుంది. ఎస్‌ఐఎన్‌ఆర్ పేరు అందులో ఉండదు, లోపలి సందుల్లో కారు తిరగదు. నా కోపం మేడం మీద కాదు, ఆ వాక్యం మీద.

వసంత_ఆప్టి
నా కోపమూ దాని మీదే బాబుగారూ. ఎస్‌ఐఎన్‌ఆర్ గీత పెట్టాలంటే మాత్రం ఒక చిక్కుంది. ఒక్కో చిప్‌సెట్ దాన్ని ఒక్కోలా లెక్కిస్తుంది, రెండు ఫోన్లు పక్కపక్కన పెడితే ఒకే అంకె రాదు. కాబట్టి ఏ ఫోన్, ఏ టైమ్ అన్నది కూడా రాయాలి. లేదంటే వాళ్లు అర్ధరాత్రి డ్రైవ్ తెస్తారు.

ఆర్‌ఎఫ్_కరీం
మార్చమన్నది నేనే, అందుకని అడుగుతున్నా. 88కి కొత్తగా శేషం 2 ఉన్న పీసీఐ ఇవ్వాలి, సున్నా ఇస్తే 306తో కొట్టుకుంటుంది. దాని చుట్టూ శేషం 2 ఉన్నవి ఎన్ని ఉన్నాయో ఎవరైనా చూశారా?

డీటీ_శీను
ఇంకా చూడలేదు అన్నా, ప్లానింగ్ వాళ్లను అడిగాను. రిపోర్టులో "డామినెన్స్ లేదు, 88 ఓవర్‌షూట్" అని రాసి రెండు రీడింగ్‌లూ పెట్టాను. రేపు సాయంత్రం ఏడింటికి లోపలి సందుల్లో బైక్ మీద, రెండిళ్లలో నడిచి తీస్తాను. పోల్ సంగతి రాయాలా వద్దా అన్నది ఇంట్లో Tx Power చూశాకే.

సైట్_బాబు
రెండిళ్లలో ఒకటి గ్రౌండ్ ఫ్లోర్, వెనక గది ఉండేలా చూసుకో.