రిలీవింగ్ లెటర్ ఇవ్వకుండా పాత కంపెనీ తిప్పుతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్ విభాగంలో నాలుగేళ్లు పనిచేశాను. ఏప్రిల్ 1న రాజీనామా ఇచ్చి, 60 రోజుల నోటీసు పూర్తిచేసి మే 30న బయటికి వచ్చాను. ల్యాప్‌టాప్, గుర్తింపు కార్డు అదే రోజు అప్పగించాను. తీసుకున్నట్లు అడ్మిన్ సంతకం చేసిన కాగితం ఫొటో నా దగ్గర ఉంది.

అయినా రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇంతవరకు రాలేదు. మొదట మేనేజర్ ఊళ్లో లేరన్నారు. తర్వాత ఫైనాన్స్ విభాగం నుంచి నో డ్యూస్ రాలేదన్నారు. నేనేం బాకీ ఉన్నానో రాసివ్వమంటే జవాబు లేదు. ఇదంతా ఫోనులోనే చెబుతున్నారు, మెయిల్‌కు మాత్రం బదులివ్వరు.

జూన్ 9న చేరిన కొత్త కంపెనీ 45 రోజుల గడువిచ్చింది, అంటే జులై 24 వరకే. పీఎఫ్ ఖాతాలో నిష్క్రమణ తేదీ కూడా పాత కంపెనీ వాళ్లు నమోదు చేయలేదు. దాన్ని మనమే పెట్టుకోవచ్చు గానీ, చివరి చందా పడ్డాక రెండు నెలలు ఆగాలి. అప్పటికి గడువు దాటిపోతుంది.

ప్రస్తుతానికి రాజీనామా ఆమోదించిన మెయిల్, జీతం స్లిప్పులు, ఫారం 16 కొత్త హెచ్‌ఆర్‌కు చూపిద్దామనుకుంటున్నాను. రిలీవింగ్ లెటర్ బదులు వీటిని ఒప్పుకున్న సందర్భాలు మీకు తెలుసా? పాత కంపెనీకి ముందు స్పీడ్ పోస్టులో నేనే ఉత్తరం రాయాలా, నేరుగా లాయర్ నోటీసు పంపాలా? నోటీసు పంపితే పగబట్టి సర్టిఫికెట్‌లో చెడుగా రాస్తారేమోనని భయంగా ఉంది. ఈ పరిస్థితి దాటి వచ్చినవారు దయచేసి చెప్పండి.